అమ్మమ్మ బిందె, ఇరవై లీటర్ల క్యాను

"మాది మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. నల్లగొండలో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. పొలిటికల్ సైన్స్ ఇష్టంగా చదువుతాను, ఎకనామిక్స్ తప్పక చదువుతాను. జీడీపీ నిర్వచనం కంఠతా వచ్చు కానీ, దాన్ని అసలు ఎలా లెక్కపెడతారో అర్థం కాలేదు. మా అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు ఫ్లోరైడు లేని బావి కోసం పొలాల వెంట నడిచి వెళ్లి బిందెలతో నీళ్లు మోసేదట. ఇప్పుడు మేం రోజూ ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం. 'క్యాను జీడీపీలో ఉంటుంది, మీ అమ్మమ్మ బిందె ఉండదు' అని క్లాసులో ఒక అబ్బాయి అన్నాడు. నిజమేనా? నిజమైతే ఇలాంటి లెక్కను ప్రభుత్వాలు ఎందుకు నమ్ముతాయి?"

— ఒక విద్యార్థిని, నల్లగొండ జిల్లా

అమ్మా,

ఆ అబ్బాయి చెప్పింది సగం నిజం. తప్పిన సగం దగ్గరే అసలు సంగతి ఉంది కానీ, అక్కడికి వెళ్లాలంటే ముందు క్యాను లెక్క తేలాలి. నిర్వచనాన్ని కాసేపు మరిచిపో. సాయంత్రం క్యాను తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు ఆ ఆర్వో ప్లాంటు ముందు ఒక పది నిమిషాలు నిలబడు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పినవాణ్ని. బోర్డు మీద గీసిన వృత్తాల కంటే ఆ నీళ్ల గదే మంచి పాఠమని నాకు ఆలస్యంగా తెలిసింది.

ప్లాంటు రోజుకు మూడు వందల క్యాన్లు అమ్ముతుందని, క్యాను పది రూపాయలని అనుకుందాం. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే ఇవి. నువ్వు మీ ఊరి అంకెలు పెట్టుకోవచ్చు. రోజు రాబడి మూడు వేలు. అందులో కరెంటుకు ఆరు వందలు, క్యాన్లు ఇళ్లకు చేర్చే ఆటోకు నాలుగు వందలు పోతాయి. నీటిని వడకట్టే మెంబ్రేన్ విదేశాల నుంచి వచ్చింది. అది అరిగిపోతుంది కాబట్టి మార్చాలి. ఆ ఖర్చు రోజుకు రెండు వందలు పడుతుందనుకుందాం. ఈ పన్నెండు వందలూ ప్లాంటు యజమాని ఇతరుల దగ్గర కొన్నవి. వాటిని తీసేస్తే మిగిలేది పద్దెనిమిది వందలు. ఆ ప్లాంటు తనంతట తాను జోడించిన విలువ ఇంతే. దేశంలో ఉన్న ప్రతి పొలానికీ, కొట్టుకూ, కార్ఖానాకూ, ఆఫీసుకూ ఇలాగే జోడించిన విలువ కట్టి కలుపుకుంటూ పోతే స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ, వస్తుంది. చివర్లో వస్తువుల మీద పన్నులు కలిపి, సబ్సిడీలు తీసేస్తారు. మన ఉదాహరణలో ఆ పన్నుల జోలికి వెళ్లడం లేదు.

మూడు వేలకు మూడు వేలూ ప్లాంటు పేరున రాసేస్తే ఏమవుతుంది? కరెంటు సంస్థ తన ఆరు వందలను తన లెక్కలో చూపిస్తుంది, ఆటో అతను తన నాలుగు వందలను చూపిస్తాడు. అవి రెండేసి సార్లు పడతాయి. 'అంతిమ వస్తువులు మాత్రమే' అని నువ్వు కంఠతా పట్టిన మాట ఈ రెట్టింపును ఆపడానికే పుట్టింది.

ఇప్పుడు ఆ పద్దెనిమిది వందలు ఎవరి చేతికి వెళ్లాయో చూడు. నీళ్లు పట్టే కుర్రాడికి ఐదు వందలు కూలి, అప్పుపై వడ్డీ మూడు వందలు, యజమానికి వెయ్యి. మొత్తం మళ్లీ పద్దెనిమిది వందలే. కరెంటు, ఆటో వాళ్లు సంపాదించిన వెయ్యి కూడా కలిపితే దేశంలో రెండు వేల ఎనిమిది వందల ఆదాయం పుట్టింది. (ఆటో డీజిల్లో దిగుమతి ముడిచమురు ఉంటుందని నువ్వు అడ్డుపడవచ్చు. సరైన అడ్డే, కానీ ఈ పూటకు వదిలేద్దాం.) ఇది ఆదాయ మదింపు పద్ధతి. పైన చేసింది ఉత్పత్తి మదింపు పద్ధతి.

మూడోది వ్యయ మదింపు పద్ధతి. మీ ఊరి ఇళ్లు నీళ్ల మీద పెట్టిన ఖర్చు మూడు వేలు. కానీ మనకు ఇందాక వచ్చింది రెండు వేల ఎనిమిది వందలు. తేడా రెండు వందలు ఎక్కడిది? మెంబ్రేన్‌ది. మీరు చెల్లించిన పది రూపాయల్లో కొంచెం విదేశీ ఫ్యాక్టరీ శ్రమ కూడా ఉంది. అది దేశంలో తయారైంది కాదు కాబట్టి తీసేయాలి. జీడీపీ సూత్రంలో దిగుమతుల ముందు మైనస్ గుర్తు ఉండటానికి కారణం ఇదే. దిగుమతులు దేశాన్ని పేదగా చేస్తాయని ఆ గుర్తుకు అర్థం కాదు. ఖర్చులో ముందే చేరిపోయిన పరాయి సరుకును వెనక్కి తీయడమే దాని పని. టీవీ చర్చల్లో పెద్దపెద్దవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. పరీక్షలో ఈ ఒక్క ముక్క సరిగా రాసినా దిద్దేవాళ్లు నిన్ను గుర్తుపెట్టుకుంటారు.

మూడు దారుల్లో వెళ్లినా ఒకే అంకె రావాలన్నది సిద్ధాంతం. నిజంగా లెక్క వేసినప్పుడు రాదు. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం ఉత్పత్తి వైపు వచ్చిన అంకెను ఎక్కువగా నమ్ముతుంది. ఖర్చు వైపు వచ్చిన దానికీ దీనికీ మధ్య తేడాను 'వ్యత్యాసం' అనే వరుసలో అచ్చు వేస్తుంది. ఆ వరుసను దాచకుండా చూపిస్తారు కాబట్టే ఆ పట్టికలంటే నాకు గౌరవం.

మరి ఆ నీళ్ల ప్లాంటు నోటు పుస్తకాన్ని ఎవరైనా వచ్చి చూస్తారా? చూడరు. పెద్ద కంపెనీలు తమ వార్షిక లెక్కలను ప్రభుత్వానికి సమర్పిస్తాయి, అవి దొరుకుతాయి. వరి పంటకు ఒక పద్ధతి ఉంది: కొన్ని పొలాలు ఎంచుకుని, ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చతురం గీసి, అందులో పంట కోసి తూచి, ఆ దిగుబడిని సాగు విస్తీర్ణంతో హెచ్చిస్తారు. మీ మేనమామ అమ్మకుండా ఇంట్లో తిండికి ఉంచుకున్న వడ్లు కూడా ఈ లెక్కలోకి వచ్చేస్తాయి. నీళ్ల ప్లాంటు, టీ కొట్టు, సైకిల్ మరమ్మతు, దర్జీ మిషను లాంటి వాటి దగ్గరే చిక్కు. వీటి కోసం నమూనా సర్వేలు చేస్తారు. ఒక్కో పనివాడి మీద సగటున ఎంత విలువ పుడుతుందో తెలుసుకుని, ఇలాంటి పనుల్లో ఉన్న మనుషుల సంఖ్యతో హెచ్చిస్తారు. చాలాకాలం ఈ సర్వే ఐదారేళ్లకు ఒకసారే జరిగేది: 2010-11లో ఒకటి, తరువాత 2015-16లో ఒకటి. మధ్య సంవత్సరాల్లో ఏమి చేసేవారు? పాత అంకెను తీసుకుని, వేరే సూచికల పెరుగుదలను బట్టి ముందుకు జరిపేవారు. ఆ సూచికల్లో చాలా వరకు లెక్కలు రాసుకునే సంఘటిత రంగానివే.

ఎప్పటిలా సాగే సంవత్సరాల్లో దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ దాదాపు కలిసే నడుస్తారు. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక మాత్రం అలా నడవలేదు. నగదు మీద బతికే కొట్లు వెలవెలబోయాయి. కార్డులు, చెక్కులు ఉన్న కంపెనీలు తట్టుకున్నాయి. ఆ 2016-17 సంవత్సరానికి మొదట 7.1 శాతం వృద్ధి అని ప్రకటించారు. 2019 జనవరిలో దాన్ని 8.2 శాతానికి పెంచి సవరించారు. కంపెనీల లెక్కలు పూర్తిగా చేతికి వచ్చాక అంకె సవరించడం మామూలు పద్ధతే, అందులో కుట్ర వెతకనక్కర లేదు. కానీ చిన్న కొట్టు కష్టాన్ని పెద్ద కంపెనీ నాడి పట్టి చూసే పద్ధతి, ఆ రెండూ చెరో దారి పట్టిన ఏడాదిలో ఎంత నమ్మదగినదన్న ప్రశ్న అలాగే నిలిచింది. జీడీపీ మీద వచ్చే విమర్శల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపించేది ఇదే. ఇప్పుడు అసంఘటిత సంస్థల సర్వే ఏటా జరుగుతోంది కాబట్టి పరిస్థితి కొంత మెరుగు.

ఇక మీ అమ్మమ్మ బిందె. ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల నియమావళి ఉత్పత్తికి ఒక గిరి గీసింది. ఇంట్లో వాడుకోవడానికే అయినా సరే, వస్తువును తయారు చేసినా సేకరించినా అది గిరి లోపల ఉంటుంది. ఇంటివాళ్లకు చేసే సేవ, అంటే వండటం, ఊడ్చటం, బట్టలుతకటం, పిల్లల్ని పెంచటం, గిరి బయట ఉంటుంది. మరి నీళ్లు మోయడం వస్తువు సేకరణా, ఇంటి సేవా? నియమావళి దాన్ని సేకరణ కిందే పెట్టింది. అంటే అంతర్జాతీయ నియమం ప్రకారం, దేశం మొత్తం నీటి సరఫరాలో అది చెప్పుకోదగ్గ భాగమైనప్పుడు, మీ అమ్మమ్మ బిందె జీడీపీలో ఉండాల్సిందే. ఆ అబ్బాయి చెప్పిన మాటలో తప్పిన సగం ఇది.

కానీ ఉండాలనడం వేరు, ఉండటం వేరు. మీ అమ్మమ్మ చెలకల నుంచి తెచ్చిన కట్టెపుల్లకు మన దేశంలో విలువ కడతారు. ఇళ్లలో ఎంత వంటచెరకు వాడుతున్నారో వినియోగ సర్వేల్లో అడిగి, అడవుల రంగంలో కలుపుతారు. అదే నెత్తి మీద తెచ్చిన నీళ్లకు అలా విలువ కట్టే ఆచారం లేదు. ఒకే మనిషి ఒకే రోజు చేసిన రెండు మోతల్లో ఒకటి దేశ ఉత్పత్తి అయింది, మరొకటి కాలేదు. శ్రామికుల సర్వేలో ఆమెకు ఏ సంకేత సంఖ్య పడేదో తెలుసా? ఇంటి పని మాత్రమే చేస్తే 92. ఇంటి పనితో పాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత లాంటివి ఉచితంగా సేకరిస్తే 93. ఈ రెండు సంకేతాల వాళ్లూ శ్రామిక శక్తిలో లేనివారి కిందికే వస్తారు. 2019 కాల వినియోగ సర్వే లెక్కలో, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనుల్లో గడిపారు. ఐదు గంటల పని ఉంది, దానికి వరుస లేదు.

పొలిటికల్ సైన్స్ చదివేదానివి కాబట్టి ఆ గిరిని ప్రకృతి గీయలేదని గమనించి ఉంటావు. దాన్ని కమిటీలు గీశాయి. వంటను బయట పెట్టడానికి వాళ్లు చెప్పే కారణం మరీ తీసిపారేసేది కాదు: ధర లేని పనికి ఏ ధర కట్టినా అది ఊహే, ఆ ఊహ చాలా పెద్దది, అది కలిస్తే నిరుద్యోగం, ధరలు లాంటి మార్కెట్ మార్పులు అందులో మునిగిపోతాయి. ఒప్పుకోవచ్చు. కానీ సొంత ఇంట్లో ఉండేవాళ్లు తమకు తామే అద్దె కట్టుకున్నట్టు ఊహించి ఆ మొత్తాన్ని జీడీపీలో కలుపుతూనే ఉన్నారు కదా! ఊహించడం ఇష్టం లేక కాదు, దేన్ని ఊహించాలో ఎవరో ఎంచుకున్నారు. 1934లో అమెరికా సెనేట్‌కు జాతీయాదాయ నివేదిక ఇచ్చిన సైమన్ కుజ్‌నెట్స్, ఆ అంకెను చూసి ప్రజల సంక్షేమాన్ని అంచనా వేయడం కష్టమని ఆ నివేదికలోనే రాశారు. మన దేశం 1949లో మహలనోబిస్ అధ్యక్షతన వేసిన జాతీయాదాయ సంఘానికి సలహా ఇచ్చినవారిలో ఆయన కూడా ఉన్నారు. కాబట్టి ఆ హెచ్చరిక మనకు కొత్త కాదు.

నీటి కథ ఇంకా అయిపోలేదు. నల్లా వచ్చింది. మిషన్ భగీరథ కింద పైపులు వేసినన్నాళ్లూ ఆ ఖర్చు పెట్టుబడిగా జీడీపీలో చేరింది. నీళ్లు రావడం మొదలయ్యాక వాటికి అమ్మకం ధర లేదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే దేనికైనా, అది నీళ్లైనా సర్కారు బడి పాఠమైనా, అయిన ఖర్చునే విలువగా రాస్తారు: జీతాలు, కరెంటు, పైపుల తరుగుదల. నీళ్లు మంచివా కాదా, బడిలో పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అన్నది ఆ అంకెలో కనపడదు. ఇప్పుడు మీ ఇల్లు నల్లా నీళ్లు తాగడం మొదలుపెట్టి క్యాను మానేసిందనుకో. రోజుకు పది రూపాయల ఉత్పత్తి లెక్క నుంచి పోయింది. ఆ పది రూపాయలు మీరు గుడ్ల మీదో బస్సు ఛార్జీ మీదో పెడితే అక్కడ చేరుతుంది, దాచుకుంటే ఆ ఏడాది ఖర్చులో కనపడదు. కుటుంబం మాత్రం ముందుకంటే బాగుపడింది. క్యాను మానకుండా నల్లా నీళ్లు గేదెలకు పెడుతుంటే, రెండూ లెక్కలో ఉంటాయి, అంకె నిండుగా కనిపిస్తుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు పట్టేసినవాళ్లు కొనే నొప్పి మాత్రలు కూడా ఆ నిండుదనంలో భాగమే.

బోర్ల సంగతి అయితే నాకు ఇంట్లోనే తెలుసు. మా నాన్న ఒకే ఎండాకాలంలో మూడు బోర్లు వేయించాడు. రెండింట్లో దుమ్మే లేచింది. రిగ్గు బండివాళ్లు మాత్రం అడుగుల లెక్కన మూడింటికీ డబ్బు తీసుకెళ్లారు. వాళ్ల రాబడి ఆ ఏటి ఉత్పత్తిలో ఉంది. నీళ్లు పడ్డాయా అని ఆ లెక్క అడగదు. మూడోది నడిచి, మరో నాలుగేళ్లలో ఎండింది. భూమి లోపలి నుంచి తోడేసిన నీటికి తరుగుదల రాసే గడి కూడా లేదు. 'స్థూల' అన్న మాటకు అర్థం తరుగుదల తీయలేదని. పోనీ, నికర ఉత్పత్తిలో తీసే తరుగుదలైనా మోటారుదీ పైపులదీ తప్ప నేల కింది నీటిది కాదు. 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన కొత్త నియమావళి సహజ వనరుల క్షయాన్ని నికర ఉత్పత్తి నుంచి తీయమంటోంది. దేశాలు దాన్ని అమలు చేయడానికి ఏళ్లు పడుతుంది. పైగా అప్పుడు కూడా పత్రికలో మొదటి పేజీకి ఎక్కేది స్థూల అంకే అయితే పెద్దగా తేడా తెలియదు.

ఇన్ని లోపాలున్న లెక్కను ప్రభుత్వాలు నమ్ముతాయని కాదు, వాడుకుంటాయి. నమ్మకానికీ వాడకానికీ తేడా నీ సబ్జెక్టులో బాగానే చెబుతారు. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఎంతో ఆర్థిక సంఘం తేల్చాలి. ఎవరు పేద రాష్ట్రం, ఎవరు సంపన్న రాష్ట్రం అని చెప్పడానికి ఏదో ఒక కొలబద్ద కావాలి, అన్ని రాష్ట్రాలకూ ఒకే తీరున దొరికేది ఇదే. 15వ ఆర్థిక సంఘం ఆ పంపకంలో 45 శాతం బరువును 'ఆదాయ దూరం'కు ఇచ్చింది. తలసరి రాష్ట్ర ఉత్పత్తి ఎక్కువున్న రాష్ట్రానికి దీని కింద తక్కువ వస్తుంది. తెలంగాణ వాటా 14వ సంఘం కాలంలో 2.437 శాతం, 15వ సంఘం కాలంలో 2.102 శాతం. తగ్గుదలంతా ఈ ఒక్క దానివల్లే కాదు, మిగతా కొలబద్దలూ మారాయి. అయినా ఇక్కడ ఒక విషయం చూడు. తెలంగాణ సగటును పైకి లాగేది హైదరాబాద్ చుట్టుపక్కల ఆఫీసులు, ఫ్యాక్టరీలు. జిల్లాల తలసరి పట్టికలో రంగారెడ్డి అందరికంటే పైన ఉంటుంది. ఆ ఎత్తు చూసి ఢిల్లీలో రాష్ట్రం వాటా తేలుతుంది. ఆ సగటులో మర్రిగూడ, దేవరకొండ, అచ్చంపేట కూడా ఉన్నాయి, ఎత్తు మాత్రం వాటిది కాదు.

అదే అంకె ఇంకో తలుపు దగ్గర తిరగబడుతుంది. రాష్ట్రం ఏటా ఎంత అప్పు తేవచ్చో రాష్ట్ర ఉత్పత్తిలో ఇంత శాతమని గీత గీస్తారు. మామూలు గీత మూడు శాతం. అక్కడ ఉత్పత్తి పెద్దగా ఉంటే మంచిది. పన్నుల వాటా దగ్గర సంపన్నులమనిపించుకోవడం నష్టం, అప్పు దగ్గర లాభం. ఏ ప్రభుత్వం ఏ సభలో ఏ అంకె చదువుతుందో ఇక మీదట ఈ దృష్టితో విను.

పాలమూరు వలసను కూడా ఒక్కసారి తలుచుకో, ఎందుకంటే 'దేశీయ' అన్న మాట అక్కడ బాగా తెలుస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి ముంబై వెళ్లి భవనం కట్టిన మేస్త్రీ శ్రమ మహారాష్ట్ర ఉత్పత్తిలో చేరుతుంది. పని ఎక్కడ జరిగిందన్నదే ప్రశ్న, మనిషి ఎక్కడివాడన్నది కాదు. అతను ఊరికి పంపిన డబ్బుతో అమ్మ మందులు కొంటే ఆ మందుల కొట్టు సంపాదన వరకు పాలమూరు లెక్కలో కనిపిస్తుంది. జిల్లా ఉత్పత్తి చూసి జిల్లా మనుషుల ఆదాయం ఇంతే అనుకోవడం అందుకే ఇటూ తప్పు అవుతుంది, అటూ తప్పు అవుతుంది: రంగారెడ్డిలో ఎక్కువ చూపిస్తుంది, వలస జిల్లాలో వచ్చే డబ్బును చూపించదు. పైగా చాలా రంగాల్లో జిల్లా అంకెను జిల్లాలో కొలవరు; రాష్ట్రం మొత్తాన్ని ఏదో ఒక సూచిక ప్రకారం జిల్లాలకు పంచుతారు.

ప్రాజెక్టు రాయాల్సి ఉంటే ఇదే తీసుకో. ప్లాంటు యజమాని ఒప్పుకుంటే ఒక వారం రాబడి, కరెంటు, ఆటో, కూలి అంకెలు రాసుకుని జోడించిన విలువ కట్టు. తరువాత మీ అమ్మమ్మను కూర్చోబెట్టి రోజుకు ఎన్ని బిందెలు, ఎంత సేపు నడక అని అడుగు. ఆ బిందెలకు ఇప్పటి క్యాను ధర కడితే ఒక విలువ వస్తుంది, ఆ నడక గంటలకు ఇప్పటి ఉపాధి హామీ కూలి కడితే మరొకటి వస్తుంది. రెండూ సమానం కావు, చాలా దూరంగా ఉంటాయి. ఆ రెండింట్లో ఏది రాయాలో నువ్వే నిర్ణయించి, ఎందుకో ఒక పేజీ రాయి. వైవాలో అడిగేది ఆ పేజీ గురించే.